వెయిటింగ్ లిస్ట్ 7 ఆగిపోయింది, 31 దాటేసింది: ఒకే బండిలో రెండు టికెట్ల కథ

విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీది వాటాలో అద్దెకుండే అమ్మాయి, మొన్నామధ్య పొద్దున్నే పది కాకముందు ఫోను పట్టుకుని గబగబా కిందికి దిగి వచ్చింది. "బాబాయ్ గారూ, ఇదేమిటో ఒకసారి చూడండి. మా తమ్ముడిది 31 ఉంటే కన్ఫర్మ్ అయింది. నాది 7 ఉంటే పోయింది. ఇద్దరిదీ ఒకే బండి, ఒకే రాత్రి. ఇందులో ఏదో పొరపాటు జరిగింది" అంది.

రిజర్వేషన్ కౌంటర్ వెనుక కూర్చుని చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన వాణ్ణి. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అద్దాల అవతల నిలబడి ఇదే మాట అడిగినవాళ్ళు వందల్లో ఉంటారు. వెనుక క్యూ కదలమని తొందరపెడుతుంటే వాళ్ళకు తీరిగ్గా చెప్పే వీలు అప్పుడు నాకు ఉండేది కాదు. ఆ రోజు తీరిక ఉంది కాబట్టి ఆ అమ్మాయిని కూర్చోబెట్టి రెండు టికెట్లూ పక్కపక్కన పెట్టి చూపించాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

బండి కాకినాడలో రాత్రి ఎనిమిది ప్రాంతంలో బయలుదేరి విజయవాడ మీదుగా హైదరాబాద్ వెళ్తుంది. విజయవాడకు వచ్చేసరికి అర్ధరాత్రి దాటి పన్నెండూ నలభై అవుతుంది. తమ్ముడు, అతని భార్య, వాళ్ళ అబ్బాయి కాకినాడలో ఎక్కాలి. అక్క, ఆమె అత్తగారు విజయవాడలో ఎక్కాలి. హైదరాబాద్‌లో మర్నాడు రాత్రి బంధువుల పెళ్ళి. అందరూ స్లీపర్‌లోనే తీసుకున్నారు. తమ్ముడి టికెట్ మీద ముగ్గురికి వరుసగా GNWL 31, 32, 33. అక్క టికెట్ మీద ఇద్దరికి RLWL 7, 8.

ఆ అమ్మాయి అంకెలనే చూసింది, అంకె ముందున్న అక్షరాలను చూడలేదు. చూడాల్సింది ముందు ఆ అక్షరాలనే.

రైల్వే ఒక బండిలోని బెర్తులన్నిటినీ ఒకే కుప్పగా పోసి అమ్మదు. వాటాలుగా పంచి పెడుతుంది. బండి బయలుదేరే స్టేషన్ దగ్గర ఎక్కి చివరి దాకా, లేదా దాదాపు చివరి దాకా వెళ్ళేవాళ్ళకు జనరల్ కోటా. అన్నిటికంటే పెద్ద వాటా అదే. ఆ కోటా నిండిపోయాక వచ్చినవాళ్ళు నిలబడే వరుస GNWL. దారిలో ఉన్న కొన్ని పెద్ద స్టేషన్లకు విడిగా కొన్ని బెర్తులు కేటాయిస్తారు. అది రిమోట్ లొకేషన్ కోటా, దాని వరుస RLWL. మధ్య స్టేషన్లకు కొన్నిటికి కలిపి ఒకే చిన్న వాటా పెడితే అది పూల్డ్ కోటా, దాని వరుస PQWL. తత్కాల్‌కు వేరే వాటా ఉంది, దాని వరుస TQWL. ఒక్కో బండికి ఒక్కో రకంగా ఈ పంపకం ఉంటుంది. ఒకే విజయవాడలో ఎక్కినా ఒక బండికి RLWL అని, మరో బండికి PQWL అని, ఇక్కడే బయలుదేరే పినాకిని లాంటి బండికి GNWL అని పడుతుంది. మనం ఎక్కే స్టేషన్ ఎంత పెద్దది అన్నది కాదు లెక్క. ఆ బండి మన స్టేషన్‌ను ఏ కోటాలో పెట్టింది అన్నదే లెక్క.

ఇప్పుడు 7 ఎందుకు ఆగిందో చూద్దాం. లెక్క అర్థం కావడానికి నేను కొన్ని అంకెలు అనుకుంటాను. అవి ఆ బండి అసలు అంకెలు కావు. కాకినాడ నుంచి జనరల్ కోటాలో 500 స్లీపర్ బెర్తులు ఉన్నాయనుకుందాం. విజయవాడ రిమోట్ లొకేషన్ కోటాలో 40 ఉన్నాయనుకుందాం. రెండు చోట్లా మనుషులు ఒకే తీరుగా ఉంటారు. నూటికి ఆరుగురు ఏదో కారణంతో ప్రయాణం మానుకుని టికెట్ రద్దు చేసుకున్నారనుకుందాం. 500లో ఆరు శాతం అంటే 30. అంటే జనరల్ వరుసలో 30 మంది ముందుకు జరుగుతారు. 31లో ఉన్నవాడు ఒకటో నంబరుకు వచ్చేస్తాడు. 40లో ఆరు శాతం అంటే రెండున్నర కూడా కాదు, మహా అయితే మూడు అనుకుందాం. 7లో ఉన్నామె 4 దగ్గర ఆగిపోతుంది.

మొత్తం విషయం ఇదే. వెయిటింగ్ నంబరు చిన్నదా పెద్దదా అని చూడకూడదు. ఆ వరుసకు ముందు ఎన్ని బెర్తులున్నాయో, అందులో ఎన్ని ఖాళీ అయ్యే అవకాశం ఉందో చూడాలి. ఇదే కారణంగా పది స్లీపర్ బోగీలున్న బండిలో 40 నంబరు, ఒక్కటంటే ఒక్క సెకండ్ ఏసీ బోగీ ఉన్న బండిలో 8 నంబరు కంటే తేలిగ్గా దాటుతుంది. పాత రకం స్లీపర్ బోగీలో 72 బెర్తులుంటే, సెకండ్ ఏసీ బోగీలో యాభై అటూ ఇటూగా ఉంటాయి. అక్కడ ఎనిమిది మంది మానుకోవాలంటే చాలా పెద్ద మాట.

ఒక్క విషయంలో చాలామంది తికమక పడతారు కాబట్టి అదీ చెప్పాలి. స్క్రీన్ మీద GNWL 31/WL 9 అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది మీరు టికెట్ తీసిన రోజు మీకు పడ్డ నంబరు. అది ఇక మారదు. రెండోది ఈ రోజు మీరు నిలబడ్డ చోటు. అవకాశాన్ని చెప్పేది రెండోదే. అయితే రెండింటి మధ్య తేడా కూడా పనికొస్తుంది. 31 నుంచి 9కి రావడానికి ఎన్ని రోజులు పట్టిందో చూస్తే ఆ వరుస ఎంత వేగంగా కదులుతోందో తెలుస్తుంది. ఇరవై రోజుల్లో రెండే మెట్లు దిగిన RLWL, చివరి రోజు ఒక్కసారిగా ఆరు మెట్లు దిగుతుందని నమ్ముకోవడం కష్టం. యాప్‌లు చూపించే శాతం కూడా పాత రోజుల రద్దులను చూసి వేసిన అంచనానే. మామూలు వారాల్లో అది బాగానే పనిచేస్తుంది. సంక్రాంతికి ఊరెళ్ళే రోజుల్లో, దసరాకు ఇంద్రకీలాద్రి మీదికి జనం వచ్చే రోజుల్లో ఆ అంచనాను నేను నమ్మను. ఆ రోజుల్లో టికెట్ దొరికినవాడు దాన్ని వదులుకోడు.

సరే, తమ్ముడిది ఒకటి దగ్గరకు వచ్చింది. అయినా ఒకటి అంటే ఇంకా వెయిటింగే కదా, అది కన్ఫర్మ్ ఎలా అయింది? మిగతా ఇద్దరి సంగతేమిటి? ఎవరికి ఏ బెర్తో తేల్చే జాబితానే చార్ట్ అంటారు, అక్కడే దాని పని మొదలవుతుంది.

చార్ట్ పడే వరకు ప్రతి కోటా ఎవరిది వాళ్ళకే. ఆడవాళ్ళ కోటా, రక్షణ శాఖ కోటా, వికలాంగుల కోటా, హెడ్‌క్వార్టర్స్ కోటా అని విడిగా అట్టిపెట్టిన బెర్తులు ఖాళీగా ఉన్నా, జనరల్ వరుసలో ఉన్నవాళ్ళకు ఇవ్వరు. చార్ట్ వేసే సమయానికి ఆ కోటాల్లో ఎవరూ తీసుకోని బెర్తులు విడుదలవుతాయి. అవి మామూలుగా ముందు జనరల్ వరుసకు పోతాయి. నిన్న రాత్రి WL 9 ఉన్నది పొద్దున చూసేసరికి కన్ఫర్మ్ అయిపోవడం వెనుక ఉన్నది ఇదే. రోజుల తరబడి ఒకటీ రెండూ కదిలిన వరుస, చార్ట్ వేసే ఆ కాసేపట్లో పదిహేను ఇరవై కదులుతుంది. రిమోట్ లొకేషన్ వరుసకు ఈ మిగులు దాదాపుగా అందదు. జనరల్ వాళ్ళందరికీ సరిపోయి ఇంకా మిగిలితేనే వీళ్ళ దాకా వస్తుంది. TQWL సంగతీ అంతే. తత్కాల్ కోటాలో కన్ఫర్మ్ అయినవాళ్ళు రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు కాబట్టి వాళ్ళు రద్దు చేసుకోరు. అందుకే TQWL 4 అంటే కూడా నేను ఆశ పెట్టుకోవద్దనే చెబుతాను.

హెడ్‌క్వార్టర్స్ కోటా గురించి జనంలో చాలా కోపం ఉంది. "నా వెనుక ముప్పైలో ఉన్నవాడికి ఎవరో ఉత్తరం ఇస్తే బెర్తు వచ్చింది, నేను మూడులో ఉండి నిలబడ్డాను" అంటారు. ఆ బాధ నాకు తెలుసు. అయితే జరిగేదేమిటంటే, ఆ బెర్తు మొదటి నుంచీ వరుసలోది కాదు. అత్యవసరంగా వెళ్ళేవాళ్ళ కోసం, ఆఫీసు పని మీద వెళ్ళేవాళ్ళ కోసం పక్కన పెట్టింది. అభ్యర్థనలు ముందు రోజే అందాలి. చార్ట్ వేసేటప్పుడు వాటిని చూసి ఇస్తారు, మిగిలితే వరుసకు వదులుతారు. ఉత్తరం పట్టుకొచ్చినవాడు మీ ముందు దూరలేదు, మీకు మిగులుగా రావాల్సిన బెర్తు ఒకటి తగ్గింది. నాకు ప్రాణాపాయంలో ఉన్న రోగి కోసం వచ్చిన ఉత్తరాలూ తెలుసు, అలాంటి అవసరమేమీ లేని ఉత్తరాలూ తెలుసు. రెండో రకం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

తమ్ముడి టికెట్ మీద చార్ట్ పడ్డాక ఇలా ఉంది. 31కి CNF/S4/18, 32కి CNF/S6/44, 33కి RAC/S7/31. భార్యాభర్తలు రెండు బోగీల్లో, పిల్లాడు మూడో బోగీలో. చివర్లో మిగిలిన బెర్తులు ఎక్కడ ఉంటే అక్కడే ఇస్తారు, కుటుంబాన్ని ఒకచోట చేర్చే వీలు అప్పుడు ఉండదు. ఇది బండిలో టీటీఈతోనో, పక్క ప్రయాణికులతోనో మాట్లాడి సర్దుకోవాల్సిందే.

ఆ RAC అంటే ఏమిటో కూడా ఆ అమ్మాయి అడిగింది. కిటికీ పక్కన నిలువుగా ఉండే సైడ్ లోయర్ బెర్తును ఇద్దరికి సీట్లుగా ఇస్తారు. 72 బెర్తుల స్లీపర్ బోగీలో అవి 7, 15, 23, 31 ఇలా ఎనిమిదేసి దూరంలో ఉంటాయి. కాబట్టి ఆ పిల్లాడి 31 సైడ్ లోయర్. కూర్చుని వెళ్ళే హక్కు ఖాయం, పడుకునే బెర్తు మాత్రం ఎవరైనా రాకపోతేనే. వెయిటింగ్‌కూ కన్ఫర్మ్‌కూ మధ్య మెట్టు ఇది. చార్ట్‌కు ముందు కన్ఫర్మ్ వాళ్ళలో ఒకరు మానుకుంటే ఆర్‌ఏసీ ఒకటో నంబరు వాడికి పూర్తి బెర్తు వస్తుంది, అతను ఖాళీ చేసిన సీటులోకి వెయిటింగ్ ఒకటో నంబరు వాడు వస్తాడు. చార్ట్ అయ్యాక ఇక టీటీఈ చేతిలో ఉన్న యంత్రమే దిక్కు. కన్ఫర్మ్ టికెట్ ఉన్నవాళ్ళు ఎక్కాల్సిన స్టేషన్లో ఎక్కకపోతే ఆ బెర్తును ఆర్‌ఏసీ వరుసలో ముందున్నవాళ్ళకు రాస్తారు. ఆర్‌ఏసీ టికెట్ ఉన్నవాళ్ళు తమ సీట్లో ఉండి, టీటీఈ వచ్చినప్పుడు అడగాలి. టాయిలెట్ దగ్గర నిలబడి కునికిపాట్లు పడితే ఉపయోగం లేదు.

ఇక అక్క టికెట్. చార్ట్ పడ్డాక కూడా ఇద్దరివీ వెయిటింగ్‌లోనే ఉండిపోయాయి. ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ మీద ఉన్నవాళ్ళందరూ వెయిటింగ్‌లోనే మిగిలితే ఆ టికెట్ దానంతటదే రద్దవుతుంది. డబ్బు ఏ ఖాతా నుంచి పోయిందో అందులోకే వస్తుంది. కొద్దిపాటి క్లర్కేజీ కోసుకుంటారు, వెబ్‌సైట్ తీసుకున్న కన్వీనియన్స్ ఫీజు తిరిగి రాదు. మనం చేయాల్సింది ఏమీ లేదు. ఆ పీఎన్ఆర్‌తో బండెక్కితే టికెట్ లేనివాళ్ళ కిందే లెక్క, జరిమానా పడుతుంది.

ఇక్కడ రెండు తేడాలు గుర్తుంచుకోవాలి. ఇద్దరిలో ఒక్కరికి కన్ఫర్మో ఆర్‌ఏసీయో అయి ఉంటే, టికెట్ రద్దయ్యేది కాదు. ఇద్దరి పేర్లూ చార్టులో ఉండేవి. ఇద్దరూ ఎక్కవచ్చు, ఉన్న ఒక్క బెర్తులో సర్దుకోవాలి. అలా వద్దనుకుంటే బండి బయలుదేరడానికి అరగంట ముందులోగా మొత్తం టికెట్ వదులుకున్నట్టు తెలియజేయాలి. దానంతటదే అవుతుందని ఊరుకుంటే డబ్బు పోతుంది. రెండో తేడా కౌంటర్లో తీసుకున్న కాగితం టికెట్‌కు. అది ఎప్పటికీ దానంతటదే రద్దు కాదు. చార్ట్ పడ్డాక వెయిటింగ్‌లో మిగిలితే, బండి బయలుదేరడానికి అరగంట ముందు వరకే కౌంటర్లో ఇచ్చి డబ్బు తీసుకోవాలి. టికెట్ తీసినప్పుడు ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే ఆన్‌లైన్‌లోనో 139కి ఫోన్ చేసో రద్దు చేసుకోవచ్చు, డబ్బు మాత్రం కౌంటర్ దగ్గరే తీసుకోవాలి. వెయిటింగ్ కాగితం టికెట్‌తో స్లీపర్లో గానీ ఏసీలో గానీ ఎక్కడానికి లేదు. జనరల్ బోగీలో వెళ్ళొచ్చు. ఈ ఒక్క విషయం తెలియక, తర్వాతి రోజు టికెట్ పట్టుకుని కౌంటర్‌కు వచ్చి, ఒట్టి చేతులతో తిరిగి వెళ్ళిన పెద్దవాళ్ళను చాలామందిని చూశాను. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ అమ్మాయిని అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది చార్ట్ పడిన సమయం. ఆమె టికెట్ మీద తేదీ 18. బండి వచ్చేది 18 తెల్లవారుజామున పన్నెండూ నలభైకి. నాలుగు గంటల ముందు చార్ట్ పడుతుందని ఎవరో చెప్పారట. 17 రాత్రి ఎనిమిదిన్నరకు చూసుకుందామనుకుంది. తీరా 17 పొద్దున్నే మెసేజ్ వచ్చింది.

ఆ నాలుగు గంటల లెక్క పాతది. 2025 జూలైలో దాన్ని 8 గంటలకు పెంచారు. అదే ఏడాది డిసెంబరులో మళ్ళీ మార్చారు. ఉదయం 5 దాటి మధ్యాహ్నం 2 లోపు బయలుదేరే బండికి ముందు రోజు రాత్రి 8 గంటలకల్లా మొదటి చార్ట్ వేయాలి. మధ్యాహ్నం 2 దాటి మర్నాడు తెల్లవారుజామున 5 లోపు బయలుదేరే బండికి కనీసం 10 గంటల ముందు వేయాలి. ఇందులో బయలుదేరడం అంటే బండి తన మొదటి స్టేషన్ నుంచి బయలుదేరడం, మన స్టేషన్ నుంచి కాదు. కాకినాడలో రాత్రి ఎనిమిదికి బయలుదేరే బండికి పది గంటలు వెనక్కి లెక్కేస్తే పొద్దున పది. విజయవాడలో ఎక్కేవాళ్ళకు దాదాపు పదిహేను గంటల ముందే ఫలితం తేలిపోతుంది. ఇంకా దూరం నుంచి వచ్చే బండైతే, కోల్‌కతా వైపు నుంచి చెన్నై వెళ్ళే కోరమాండల్ లాంటిదైతే, మనం ఎక్కడానికి ముందు రోజే చార్ట్ సంగతి తేలిపోవచ్చు. కొన్ని బండ్లకు మధ్యలోని పెద్ద స్టేషన్ల నుంచి విడిగా చార్ట్ వేయడమూ ఉంది. మన బండిది ఏ రకమో టికెట్ స్థితి కింద Chart Prepared అని ఎప్పుడు వస్తోందో చూస్తే తెలుస్తుంది. ఒకసారి ఆ బండిని గమనించి పెట్టుకుంటే తర్వాతి ప్రయాణానికి పనికొస్తుంది.

ఈ తేదీల గొడవలో ఇంకో చిక్కు ఉంది, నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తత్కాల్ ఎప్పుడు తెరుస్తారు? బండి మొదటి స్టేషన్లో బయలుదేరే తేదీకి ముందు రోజు, ఏసీకి ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు. ఆ అమ్మాయి టికెట్ తేదీ 18 కాబట్టి 17న తత్కాల్ అనుకుంటాం. కాదు. బండి కాకినాడలో బయలుదేరేది 17న. కాబట్టి తత్కాల్ తెరిచింది 16న. ఆ రోజు పదకొండు గంటలకు ఆమెది ఇంకా RLWL 4, 5 దగ్గర ఉంది. చార్ట్‌లో ఏమవుతుందో చూసి తత్కాల్‌కు వెళ్దామంటే కుదరదు, చార్ట్ వచ్చేసరికి ఆ బండి తత్కాల్ అయిపోయి దాదాపు ఇరవై మూడు గంటలవుతుంది. అంటే ముందు రోజు పదకొండింటికే తేల్చుకోవాలి. నా మటుకు నేనైతే, RLWLలో గానీ PQWLలో గానీ ఆ పూటకు రెండు దాటి ఉంటే తత్కాల్‌కే వెళ్తాను. GNWL అయితే, పండగ రోజులు కాకపోతే, స్లీపర్లో పదీ పదిహేను వరకూ ఆగుతాను. రెండూ కన్ఫర్మ్ అయితే తత్కాల్ డబ్బు తిరిగి రాదు, పాత టికెట్‌ను చార్ట్ కాకముందే రద్దు చేసుకోవాలి. ఆ ఖర్చుకు సిద్ధపడే చేయాలి.

"మరి నేను మొదట్లోనే ఏం చేసి ఉండాల్సింది బాబాయ్ గారూ?" అని అడిగింది.

తమ్ముడు టికెట్ తీసినప్పుడే కాకినాడ నుంచే తీసుకుని, ఎక్కే స్టేషన్ మాత్రం విజయవాడ అని పెట్టుకోవాల్సింది. ఛార్జీ కాకినాడ నుంచి పడుతుంది, కొంత ఎక్కువే. కానీ నిలబడేది జనరల్ వరుసలో. ఇది నిబంధనల ప్రకారం జరిగేదే, ఇందులో దాపరికం లేదు. అయితే ఎక్కే స్టేషన్ మార్చుకోవడం మర్చిపోకూడదు. ఆలస్యం చేయకుండా ముందుగానే మార్చుకోవాలి. మార్చుకోకుండా, కన్ఫర్మ్ అయింది కదా అని విజయవాడలో ఎక్కితే, అప్పటికే కాకినాడలో మీరు రాలేదని టీటీఈ ఆ బెర్తును ఆర్‌ఏసీ వాళ్ళకు ఇచ్చేసి ఉండొచ్చు. అప్పుడు ఆయన్ని అని లాభం లేదు, తప్పు మనదే అవుతుంది. ఒకసారి విజయవాడ అని మార్చాక మళ్ళీ కాకినాడలో ఎక్కే హక్కు కూడా ఉండదు.

రెండో దారి, ఇక్కడే పుట్టే బండి పట్టుకోవడం. గుంటూరులో ఉన్నవాళ్ళకు హైదరాబాద్ వైపు వెళ్ళడానికి గోల్కొండ, విజయవాడ వాళ్ళకు శాతవాహన, చెన్నై వైపు పినాకిని. ఇవి మన దగ్గరే బయలుదేరతాయి కాబట్టి పెద్ద వాటా మనదే, వరుస కూడా GNWLయే. రాత్రి బండిలో పడుకుని తెల్లారేసరికి దిగే సుఖం ఉండదు, అంతే. పెళ్ళి రాత్రికి అయినప్పుడు ఆ సుఖం కోసం RLWLలో నిలబడడం నాకు సరైన లెక్క అనిపించదు.

చార్ట్ పడ్డాక మిగిలిన మూడో దారి కరెంట్ బుకింగ్. మొదటి చార్ట్ అయ్యాక ఎక్కడైనా బెర్తులు మిగిలితే స్క్రీన్ మీద CURR_AVBL అని కనిపిస్తాయి. బండి బయలుదేరడానికి అరగంట ముందు రెండో చార్ట్ వేసేదాకా వాటిని అమ్ముతారు. ఆ అమ్మాయి బండిలో ఒక్కటీ లేదు. జనరల్ వరుసే పూర్తిగా దాటని రాత్రి కరెంట్ బుకింగ్‌లో స్లీపర్ మిగలదు. ఏసీలో అప్పుడప్పుడు మిగులుతాయి, చూడడం వృథా కాదు.

ఇదంతా మాట్లాడుకునేసరికి గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. నాకు అప్పుడు తట్టింది. శాతవాహన 18 పొద్దున ఆరు దాటాక విజయవాడలోనే బయలుదేరుతుంది. దాని తత్కాల్ తెరిచేది అంతకు ముందు రోజు, అంటే ఈ రోజే. చైర్ కార్‌ది పదింటికే తెరిచేశారు. సెకండ్ సిట్టింగ్‌ది పదకొండుకు. నలభై నిమిషాల సమయం ఉంది.

పొద్దున్నే రద్దయిన మెసేజ్ రావడం వల్లే ఈ దారి దొరికింది. పాత పద్ధతిలో చార్ట్ సాయంత్రం పడి ఉంటే, పదకొండు దాటిపోయేది. చార్ట్‌ను ముందుకు జరపడంలో మనలాంటి మధ్య స్టేషన్ల వాళ్ళకు దక్కిన మేలు ఇది, నాకు సంతోషం కలిగించిన మార్పు కూడా.

ఆ అమ్మాయి ఫోన్లో లాగిన్ అయి పెట్టుకుంది. అత్తగారి పేరు, వయసు ముందే ప్రయాణికుల జాబితాలో రాసిపెట్టుకోమన్నాను, పదకొండు కొట్టాక టైపు చేస్తూ కూర్చుంటే సీట్లు పోతాయి. తేదీ 18 అనే పెట్టుకున్నావా అని రెండుసార్లు అడిగాను. శాతవాహనకు ఆ తేదీ గొడవ లేదు, పొద్దుటి బండి కాబట్టి టికెట్ తేదీ, బండి తేదీ ఒకటే. పదకొండు దాటిన మూడో నిమిషంలో ఆమె ఫోన్ నా ముందు పెట్టింది. D5లో రెండు సీట్లు, పక్కపక్కనే, రెండింటి పక్కనా CNF.

తమ్ముడికి ఫోన్ చేసి, "నువ్వు రాత్రి బండిలో వెళ్ళు. నేను రేపు మధ్యాహ్నానికి చేరతాను" అని చెప్పి, మేడ మెట్లు ఎక్కుతూ మళ్ళీ వెనక్కి తిరిగి, "పిల్లాడిది 31, సైడ్ లోయర్ అన్నారు కదా, ఆ మాట కూడా వాడికి చెబుతాను" అంది.